పుట్నాలు, పల్లీలు, మఖానా మిక్చర్‌లో ప్రోటీన్ ఎంత, కొవ్వు ఎంత?

లలిత_మియాపూర్: పుట్నాలు 200 గ్రాములు, విడిగా వేయించిన పల్లీలు 150, మఖానా 50. మఖానాకి నాలుగు టీ చెంచాల నెయ్యి పట్టింది. అన్నీ కలిపి డబ్బాలో పోశాను. సాయంత్రం ఒక చిన్న గిన్నెడు తింటాం. గిన్నెకి ప్రోటీన్, కొవ్వు ఎంతెంత వస్తాయి?

జిమ్_వంశీ: ఈజీ అండి. మూడూ ప్రోటీన్ ఉన్నవే. వందకి పాతిక చొప్పున వేసుకోండి. వేయిస్తే ప్రోటీన్ ఇంకా పెరుగుతుంది కూడా.

తూకం_భాస్కర్: మఖానాకి పాతిక ఎక్కడిదండి? వందకి పది లోపే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ వాళ్ల పాత పట్టికలో పుట్నాలకి ప్రోటీన్ 22.5, కొవ్వు 5.2. వేయించిన పల్లీలకి 26.2, 39.8. మఖానాకి 9.7, కొవ్వు దాదాపు సున్నా. వీటితో లెక్క వేస్తే ప్రోటీన్ పుట్నాల నుంచి 45 గ్రాములు, పల్లీల నుంచి 39, మఖానా నుంచి 5. మొత్తం 89. కొవ్వు పుట్నాల్లో 10, పల్లీల్లో 60, నెయ్యి సుమారు 20. మొత్తం 90. డబ్బా అంతా 420 గ్రాములు. అంటే 40 గ్రాముల గిన్నెకి ప్రోటీన్ ఎనిమిదిన్నర, కొవ్వు కూడా దాదాపు అంతే.

వేయిస్తే ప్రోటీన్ పెరగదు వంశీ గారూ. నీళ్లు పోయి బరువు తగ్గుతుంది కాబట్టి వందకి అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. పచ్చివి తూచితే పచ్చివాటి అంకె, వేయించాక తూచితే వేయించినవాటి అంకె వాడాలి. రెండూ కలిపితే లెక్క తప్పుతుంది.

రాజేశ్వరి_డల్లాస్: పల్లీలకి 40 ఏంటండీ? ఇక్కడి అమెరికా పట్టికలో కొవ్వు 49 ఉంది. మీది పాత పుస్తకం.

తూకం_భాస్కర్: రకాన్ని బట్టి, పంటను బట్టి మారుతుంది. ఇక్కడి పల్లీలకి ఇక్కడి అంకె సరిపోతుంది.

రాజేశ్వరి_డల్లాస్: సరిపోతుందని మీరంటే చాలా? తొమ్మిది శాతం తేడాని అలా వదిలేస్తారా?

తూకం_భాస్కర్: వదల్లేదండి. 49 అనుకున్నా 150 గ్రాముల పల్లీలకి పెరిగేది 14 గ్రాములు. గిన్నెకి అది గ్రామున్నర కూడా కాదు. అంతకంటే పెద్ద తప్పు డబ్బాలోనే ఉంది. డబ్బా కదిలినప్పుడల్లా మఖానా పైకి తేలుతుంది, పల్లీలూ పుట్నాలూ అడుగుకి దిగుతాయి. పై నుంచి గిన్నె నింపితే ఎక్కువగా మఖానాయే వస్తుంది. గిన్నె నిండినా బరువు 15 గ్రాములు ఉండొచ్చు, ప్రోటీన్ రెండు గ్రాములు. డబ్బా అడుగున 25 గ్రాముల పల్లీలు, 15 పుట్నాలు వస్తే ప్రోటీన్ పది, కొవ్వు పదకొండు. ఒకే గిన్నె, ఒకే మిక్చర్.

సుబ్బు_తెనాలి: మా ఇంట్లో మసాలా మఖానా ప్యాకెట్ కొన్నారు. ముందు 'తక్కువ కొవ్వు' అని పెద్దక్షరాలు, వెనక చూస్తే వందకి ఇరవై దాకా కొవ్వు! మఖానాలో కొవ్వు సున్నా అన్నమాట నమ్మొద్దు.

తూకం_భాస్కర్: అది మఖానా కొవ్వు కాదు, దానికి పట్టించిన నూనె. లలిత గారి మఖానా కూడా అంతే. 50 గ్రాములకి 20 నెయ్యి అంటే ఆ 70 గ్రాముల్లో పావు వంతుకి పైగా కొవ్వే. నెయ్యి గిన్నెని ముందూ తర్వాతా తూచండి. మూకుడుకి అంటుకున్నది తీసేస్తే అసలు పట్టింది ఎంతో తెలుస్తుంది. పొడిగా సన్న సెగ మీద వేయించినా మఖానా కరకరలాడుతుంది, ఒకటి తీసి నలిపితే పొడి కావాలి. వంగితే ఇంకా పచ్చిదే.

జిమ్_వంశీ: నెయ్యి తీసేస్తే మంచి ప్రోటీన్ స్నాక్ అయిపోయినట్టే కదా, ఇంత గొడవెందుకు?

తూకం_భాస్కర్: గొడవ ఆ పేరు దగ్గరే. నెయ్యి తీసేసినా 40 గ్రాముల్లో సుమారు 177 కేలరీలు అనుకుంటే ప్రోటీన్ వాటా 36. కొవ్వు వాటా 63. మిగతాది పిండిపదార్థం. దీన్ని ప్రోటీన్ స్నాక్ అంటే పల్లీలు ఇంకో గుప్పెడు పోసుకుంటారు.

జిమ్_వంశీ: మరి బిస్కెట్ తినమంటారా?

రాజేశ్వరి_డల్లాస్: అది కాదు ఆయన అన్నది. నేనూ ఆ కొవ్వు గురించే అడుగుతున్నా. పల్లీల కొవ్వు చెడ్డదని ఎవరన్నారు? ఆకలి ఆపేది అదే. తగ్గించాలా, ఉంచాలా అన్నది కదా అసలు ప్రశ్న.

తూకం_భాస్కర్: అది లలిత గారు చెప్పాలి. ఎంత ఉందో తేల్చడం మాత్రమే నేను చేయగలిగింది.

లలిత_మియాపూర్: ఇంట్లో ఒకరికి బరువు తగ్గాలి, ఒకరికి పెరగాలి. ఒకే డబ్బా అందరికీ.

తూకం_భాస్కర్: అయితే కలపొద్దు. మూడు డబ్బాలు పెట్టి గిన్నెలో కలుపుకోండి: పుట్నాలు 19, పల్లీలు 14, నెయ్యితో మఖానా 7 గ్రాములు. పల్లీలు సగం చేసి ఆ బరువు పుట్నాలు పెంచితే ప్రోటీన్ పెద్దగా మారదు, కొవ్వు రెండున్నర గ్రాములు తగ్గుతుంది. పొట్టుతో ఉన్న శనగలైతే ప్రోటీన్ శాతం కొంచెం తక్కువ.

సుబ్బు_తెనాలి: రోజూ ఎవరు తూస్తారండీ ఇదంతా?

రాజేశ్వరి_డల్లాస్: ఒక్కసారి తూచి, అదే చెంచాతో ఎన్ని పడతాయో లెక్క పెట్టుకుంటే చాలు. పల్లీలకి 40 మాత్రం నేను ఒప్పుకోను.