లాడ్జి వంటగది లైసెన్సు రెన్యువల్: ‘మార్పులు లేవు’ అని రాయవచ్చా?

తొమ్మిది గదులు
మా చిన్న లాడ్జి వంటగదికి ఉన్న ఆహార భద్రతా లైసెన్సు గడువు ఇంకో ఆరు వారాల్లో ముగుస్తుంది. దరఖాస్తులో ‘గత లైసెన్సు తర్వాత మార్పులు ఉన్నాయా’ అనే గడి దగ్గర ఆగిపోయాను. అప్పట్లో ఉదయం ఫలహారం మాత్రమే పెట్టేవాళ్లం. ఏడాదిగా రాత్రి భోజనం కూడా పెడుతున్నాం, రోజుకు పన్నెండు మంది వరకు. సామాన్ల గదిలో సగం గిన్నెలు కడిగే చోటుగా మార్చాం. నీళ్లు సొంత బోరువే, పైన ట్యాంకులోకి ఎక్కించి వాడతాం. వంటకు ఒకరు, సాయానికి ఇద్దరు ఉన్నారు. ‘లేవు’ అని టిక్ పెట్టేయమని తెలిసినవాళ్లు అంటున్నారు. పెట్టవచ్చా? ఏయే వివరాలు జతచేయాలి?

గరిటె
పెట్టేయండి. మాది రెండుసార్లు అలాగే అయింది. పాత దరఖాస్తు ముందు పెట్టుకుని తేదీలు మార్చాను, కొత్త నీటి రిపోర్టు, పనివాళ్ల వైద్య ధ్రువపత్రాలు జతచేశాను. ఎవరూ ఏమీ అడగలేదు. రెన్యువల్ అంటే కొత్త లైసెన్సు కాదు కదా.

పాత ఫైలు
గరిటె గారి వంటగదిలో ఏమీ మారలేదు కాబట్టి ఆ పద్ధతి సరిపోయింది. ఇక్కడ రెండు మారాయి. నేను చాలాకాలం ఈ దరఖాస్తులు పరిశీలించే పనిలో ఉన్నాను. రెన్యువల్ వస్తే మేం మొదట చేసే పని పాత ఫైలు తీసి పక్కన పెట్టుకోవడమే. పాత ప్లానులో సామాన్ల గది, తనిఖీకి వెళ్లేసరికి అదే చోట సింకు. అప్పుడు సింకు తప్పు కాదు, ‘లేవు’ అన్న మాట తప్పవుతుంది. ఆ తర్వాత మిగతా కాగితాలనూ అనుమానంతోనే చదువుతారు.

సామాన్ల గది కంటే రాత్రి భోజనం పెద్ద మార్పు. ఫలహారం అప్పటికప్పుడు చేసి వేడిగా పెట్టేస్తారు. రాత్రి వంటలో కొంత మధ్యాహ్నమే చేసి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ వేడి చేస్తారు కదా? ప్రమాదమంతా ఆ చల్లార్చే గంటల్లోనే ఉంటుంది. అన్నంలో కొన్ని బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా వదిలేస్తే మొలకెత్తి విషం తయారు చేస్తాయి, దాన్ని మళ్లీ వేడి చేసినా పోదు. అధికారి చూడాలనుకునేది మీరు దీన్ని ఎలా చేస్తున్నారనే.

మెట్ల కింద
మా లాడ్జికి అగ్నిమాపక ధ్రువపత్రం రెన్యువల్ ఆగిపోయి మూడు నెలలైంది. గ్యాస్ సిలిండర్లు బయట పెట్టమన్నారు. మీకూ అదే అడిగారా?

పాత ఫైలు
అది వేరే శాఖ పని అండి, ఈ దరఖాస్తుతో కలపకండి. సిలిండర్లు ఎక్కడున్నాయో ప్లానులో చూపిస్తే చాలు.

రాత్రి డ్యూటీ
మా అనుభవం ఒకటి చెబుతాను. ఫ్రిజ్ ఉష్ణోగ్రత పట్టిక జతచేశాం, మూడు నెలలది. ప్రతి రోజూ, రెండు పూటలా 4. ఒకే పెన్ను, ఒకే వాలు. తనిఖీకి వచ్చినావిడ పట్టిక మూసి, థర్మామీటరు చూపించమన్నారు. అది సొరుగులో ఉంది, బ్యాటరీ లేదు. మా కుర్రవాడు నెలాఖరున కూర్చుని మొత్తం నింపేశాడని అప్పుడు తెలిసింది. తలుపు తీసి మూసే ఫ్రిజ్‌లో అంకె కదలకుండా ఉండదు కదా. ఒకరోజు 7 ఉండి, పక్కన ‘తలుపు రబ్బరు మార్చాం, గంట తర్వాత 4’ అని రాసి ఉంటే నమ్మేవారేమో.

పాత ఫైలు
నమ్ముతారు. థర్మామీటరు సరిచూసిన తేదీ కూడా రాయండి. నలగ్గొట్టిన ఐసును గ్లాసు నిండా వేసి, సందులు నిండేంత నీళ్లు పోసి, కలిపి, మొన గ్లాసుకు తగలకుండా ముంచితే 0 దగ్గర ఆగాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ ఫరవాలేదు.

తొమ్మిది గదులు
అయితే మార్పులు ‘ఉన్నాయి’ అనే రాస్తాను. వివరణ ఇలా రాశాను, చూడండి: “మా వంటగదిలో రాత్రి భోజనం పరిశుభ్రంగా, అన్ని నియమాలు పాటిస్తూ తయారు చేస్తున్నాము.”

పాత ఫైలు
ఇది ఏ వంటగదికైనా అతుకుతుంది, అందుకే పనికిరాదు. మీరు చేసేది చేసినట్టు రాయండి. ఇలా:

“రాత్రి 12 మంది వరకు భోజనం. ఒక వంటమనిషి, ఇద్దరు సహాయకులు. మధ్యాహ్నం వండిన అన్నాన్ని 5 సెంటీమీటర్లకు మించని మందంతో ట్రేలలో పరుస్తాము. 60 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు 2 గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో 4 గంటల్లో దించుతాము. వడ్డించే ముందు మధ్యభాగం 75 డిగ్రీలు దాటేలా ఒకేసారి వేడి చేస్తాము. మిగిలినది పారేస్తాము. గిన్నెలు కడిగే సింకు వేరు, చేతులు కడిగేది వేరు (ప్లానులో 3, 4).”

ఈ అంకెలు చాలాచోట్ల వాడేవే. మీ కార్యాలయం వేరే అంకె చెబితే అదే రాయండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: చేయనిది రాయవద్దు. ట్రేలు లేకపోతే ముందు ట్రేలు కొనండి.

గరిటె
ఇంత రాస్తే మనమే ప్రశ్నలు కొని తెచ్చుకున్నట్టు కాదా?

పాత ఫైలు
కొన్ని వస్తాయి. కానీ రాసిన దాని మీద వచ్చే ప్రశ్నకు జవాబు మీ చేతిలోనే ఉంటుంది. సరే, నీళ్ల సంగతి. తొమ్మిది గదులు గారూ, నమూనా ఎక్కడ పట్టారు?

తొమ్మిది గదులు
బోరు దగ్గరే, మోటారు వేసి కొత్త మంచినీళ్ల సీసాలో పట్టాం. రిపోర్టు శుభ్రంగా వచ్చింది.

పాత ఫైలు
అది బోరు రిపోర్టు, వంటగది నీళ్లది కాదు. మధ్యలో ట్యాంకు, పైపు ఉన్నాయి, పాడయ్యేది అక్కడే. వంటకు నీళ్లు పట్టుకునే కుళాయి దగ్గరే తీయాలి. జాలీ ఉంటే విప్పి, మూతి శుభ్రం చేసి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలాక పట్టండి. సీసా ల్యాబు ఇచ్చినదే కావాలి. ట్యాంకులో క్లోరిన్ వేస్తుంటే ముందే చెప్పండి, దాన్ని విరిచే మందు వేసిన సీసా ఇస్తారు. అడుగున పొడి కనిపిస్తే మురికి అనుకుని కడగవద్దు. లేకపోతే దారిలోనే క్లోరిన్ బ్యాక్టీరియాను చంపేసి, లేని శుభ్రం రిపోర్టులో కనిపిస్తుంది. మూత లోపల వేలు పెట్టకుండా పట్టి, ఐసు పెట్టెలో అదే రోజు చేర్చండి. 100 మిల్లీలీటర్లలో ఇ.కొలై ఒక్కటీ ఉండకూడదు. ఏ కుళాయి, ఏ తేదీ అన్నది రిపోర్టు మీదే రాయించుకోండి.

రాత్రి డ్యూటీ
నమూనా తీసే ముందు రోజు ట్యాంకు కడిగించవద్దా? మేం అలాగే చేస్తాం.

పాత ఫైలు
కడిగిస్తే కడిగించిన తేదీ కూడా జతచేయండి. కానీ ఏడాదికొకసారి రిపోర్టు కోసమే కడిగితే ఆ కాగితం ఒక్కరోజు నీళ్ల గురించే చెబుతుంది. దీనిపై నా సహోద్యోగుల్లోనే ఒక మాట లేదు. కొందరు కడగక ముందు నీళ్లే చూడాలనేవారు.

తొమ్మిది గదులు
కార్యాలయానికి ఫోను చేశాను. రాత్రి భోజనాన్ని రెన్యువల్‌లోనే చూపవచ్చని ఒకరు, మార్పు దరఖాస్తు విడిగా ముందు వేయాలని ఇంకొకరు అన్నారు.

పాత ఫైలు
రాతపూర్వకంగా అడిగి, రసీదు దగ్గర పెట్టుకోండి. రెన్యువల్ మాత్రం దాని కోసం ఆపవద్దు. గడువు దాటాక కొన్నాళ్లు వెసులుబాటు ఉంటుందనే మాట మీద ఆధారపడకండి, అది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

తొమ్మిది గదులు
రేపు పొద్దున ల్యాబు సీసా తెచ్చుకుని వంటగది కుళాయి దగ్గర మళ్లీ పడతాను. ఇంకొకటి: గదులన్నీ నిండిన రోజుల్లో మాత్రమే వచ్చే ఒకావిడ ఉన్నారు, కూరగాయలు తరుగుతారు. ఆమెకూ వైద్య ధ్రువపత్రం కావాలా?

గరిటె
మా దగ్గర అలాంటివాళ్లకు ఎప్పుడూ పెట్టలేదు.

పాత ఫైలు
వండని ఆహారాన్ని చేత్తో తాకుతున్నారు కదా, నేనైతే పెట్టమంటాను.