అప్‌డేట్: నిజాంపేట డబుల్ బెడ్‌రూమ్ అద్దె సంగతి

నా ప్రశ్న: "నిజాంపేటలో 1,100 ఎస్ఎఫ్‌టీ డబుల్ బెడ్‌రూమ్‌కి ఓనర్ 26,000, మెయింటెనెన్స్ 3,000 వేరే అంటున్నారు. ఇవ్వొచ్చా?"

అదే వీధిలో, అదే సైజు సెమీ ఫర్నిష్డ్ ఫ్లాట్లే తీసుకుని, మెయింటెనెన్స్ కలిపి లెక్కేశాను. ఒకటి అన్నీ కలిపి 24,000. ఇంకోటి 22,500, మెయింటెనెన్స్ 2,500. మూడోది మొత్తం 28,000 అన్నారు గానీ వారాల తరబడి టు లెట్ బోర్డు దిగలేదు. ఆ రేటుకి ఎవరూ రావట్లేదని అర్థమై పక్కన పెట్టేశా.

అసలు పనికొచ్చింది వాచ్‌మన్ మాట. మా పై అంతస్తులో ఇలాంటి ఫ్లాటే కిందటి నెల 22,000కి ఇచ్చారట, మెయింటెనెన్స్ అదే 3,000. యాడ్‌లో కనిపించేది అడిగే రేటు, ఇది కుదిరిన రేటు. ఆ మాట ఎత్తగానే ఓనర్ గారు 23,000కి దిగారు. పై వాళ్లకంటే వెయ్యి ఎక్కువే. కానీ వాళ్లకి లేని కార్ పార్కింగ్ మాకుంది, సరే అన్నాం.