లోన్ మారిస్తే ఫీజు ఎన్ని నెలల్లో తిరిగొస్తుంది?

కొత్తసభ్యుడు: 20 లక్షల బాకీ ఉంది, ఇంకా 15 ఏళ్లు కట్టాలి. వడ్డీ 9.5 శాతం, ఈఎంఐ 20,884. ఇంకోచోట 8.75కి 20 ఏళ్లకు ఇస్తామంటున్నారు, ఈఎంఐ 17,674. మారడానికి మొత్తం 20 వేలు ఖర్చు. 7 నెలల్లో ఫీజు వచ్చేసినట్టేగా?

సూటిమాట: వచ్చేసినట్టే. నెలకు 3,210 మిగులుతోంది. ఇంకా ఆలోచన దేనికి?

పాతలెడ్జర్: అది మిగులు కాదండీ, అందులో చాలా భాగం వాయిదా వేసిన అసలు. గడువు 15 ఏళ్లే ఉంచి చూడండి, ఈఎంఐ 19,989 అవుతుంది. తేడా 895.

సూటిమాట: సరే, అయితే 23 నెలలు. 20 వేలను 895తో భాగించాను.

పాతలెడ్జర్: అదీ కాదు. మొదటి నెల వడ్డీ పాతచోట 15,833, కొత్తచోట 14,583. నిజంగా తగ్గేది 1,250. ఈఎంఐలో కనిపించని 355 అసలులోకి ఎక్కువగా వెళుతుంది. అంటే దాదాపు 16 నెలలు. ఆ 20 వేలు పాత లోన్‌కే కట్టేసి ఉంటే అక్కడా వడ్డీ తగ్గేది, అదీ కలిపితే 18.

దెబ్బతిన్నవాణ్ణి: లెక్కలు బానే ఉన్నాయి. నా పాత లోన్ క్లోజ్ చేయడానికి మూడు వారాలు తిప్పారు. ఆ రోజులకి రెండుచోట్లా వడ్డీ పడింది. ఏడాది తిరక్కుండా కొత్తచోట రేటు పెంచారు. మారొద్దు బాబూ.

సూటిమాట: మీ టైమ్ బాగోలేకపోతే అందరూ ఆగాలా? ఇక్కడ అడిగింది నెలల లెక్క.

పాతలెడ్జర్: ఆయన చెప్పినదీ లెక్కలోదే. రెండుచోట్లా పడిన వడ్డీని 20 వేలకు కలపాలి. మీరేమో ఆ 3,210నే పట్టుకు వేలాడుతున్నారు. 20 ఏళ్లకు మారితే మొత్తం వడ్డీ 22.42 లక్షలు, ఇప్పుడున్నదాంట్లో 17.59. 4.8 లక్షలు ఎక్కువ కట్టి, 7 నెలల్లో లాభం అంటారా!

సూటిమాట: 15 ఏళ్ల తర్వాత సంగతి ఎవడు చూశాడు? నెలాఖరుకి చేతిలో డబ్బు ఉండాలి.

కొత్తసభ్యుడు: గొడవ పడకండి. అసలు సంగతి చెప్పలేదు. రెండేళ్లపాటు ఇంట్లో ఒక్క జీతమే. 20,884 కట్టడం కష్టంగా ఉంది, అందుకే 20 ఏళ్లు అడిగాను.

పాతలెడ్జర్: ఇది ముందే చెప్పాల్సింది! అయితే 20 ఏళ్లకే తీసుకోండి, కానీ అదనంగా కట్టినా ఛార్జీ లేదని రాతపూర్వకంగా ఉండాలి. మొదటి నెల నుంచే 20,884 కట్టగలిగితే 165 నెలల్లో తీరిపోయేది. రెండేళ్లు తక్కువ కడితే అంతకంటే ఆలస్యమవుతుంది. ముందు పాతవాళ్లని 8.75 ఇస్తారేమో అడిగారా?

కొత్తసభ్యుడు: అడగలేదు సార్. రేపు వెళ్తాను.

దెబ్బతిన్నవాణ్ణి: నన్నూ అడగమన్నారు. తగ్గిస్తామన్నారు, దానికీ ఫీజు అన్నారు.

సూటిమాట: నా దృష్టిలో ఇప్పటికీ 7 నెలలే.