ఈ ఫీలింగ్‌ని నాలుగు మాటల్లో ఎలా చెప్పాలి?

నాన్న షష్టిపూర్తికి ఆల్బమ్ చేస్తున్నానండి. నాయనమ్మగారి పెరట్లో నులకమంచం మీద పిల్లలంతా కూర్చున్న ఫొటో కింద చిన్న క్యాప్షన్ కావాలి. ఆ ఫొటో చూస్తే ఏడుపు రాదు. హాయిగానే ఉంటుంది, కానీ ఎక్కడో కాస్త వెలితి.

‘బెంగ’ మరీ బరువు. బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకున్నారంటాం కదా. ‘దిగులు’లో తీపి లేదు. ‘జ్ఞాపకాలు’ అంటే వెలితి పోతుంది. ‘స్మృతులు’ అంటే సంతాప సభ గుర్తొస్తుంది.

చివరికి ‘ఇప్పటికీ మనసు ఆ పెరట్లోకే పోతుంది’ అని రాశాను. ‘పెరటి మీదకి’ అంటే దాని మీద ఆశపడ్డట్టు వినిపిస్తుందని మార్చాను. ఇది సహజంగా ఉందా? ఇలాంటప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారో చెప్పండి, ప్లీజ్.