అప్‌డేట్: మెడ దగ్గర అతుకు పోయింది

నా ప్రశ్న: "ఏఐతో మార్చిన డ్రెస్‌ని అసలు ఫోటోలో కలిపితే మెడ దగ్గర అతుకు కనిపిస్తోంది. అసలు ఫోటో చెడకుండా ఎలా సరిచేయాలి?"

మీ సలహాలతో పని పూర్తయింది, అందరికీ చాలా థాంక్స్. ఫోటోషాప్‌లో అసలు ఫోటోను కింద లేయర్‌గా ఉంచి, దాన్ని అసలు ముట్టుకోలేదు. ఏఐ ఇమేజ్ చిన్న సైజులో వచ్చింది కాబట్టి, స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చాకే పెద్దది చేశాను. బ్లెండ్ మోడ్‌ని Difference చేస్తే రెండూ కలిసినచోట నలుపు కనిపిస్తుంది. దవడ అంచున తెల్లటి గీత మిగిలితే లేయర్ ఇంకా జరగాలన్నమాట. బాణం కీలతో సరిచేసి మళ్లీ Normal కి తెచ్చాను.

తర్వాత Alt నొక్కి మాస్క్ బటన్ క్లిక్ చేస్తే నల్ల మాస్క్ వస్తుంది. దాని మీద తెల్ల బ్రష్‌తో డ్రెస్‌ని బయటికి తెచ్చాను.

అసలు చిక్కు మెడ దగ్గరే. పాత కాలర్ పైకి ఉంది, కొత్తది కిందికి ఉంది. మధ్యలో కనిపించే చర్మం ఏఐ గీసిందే. అందుకే అతుకుని కాలర్ దగ్గర కాకుండా గడ్డం కింది నీడలోకి జరిపాను. అక్కడ హార్డ్‌నెస్ 0, ఫ్లో 20% పెట్టాను. రంగు తేడా ఆ చీకట్లో కలిసిపోయింది. భుజాల అంచుకి మాత్రం మెత్తటి బ్రష్ పనికిరాదు, పాత బట్ట నీడలా తొంగిచూస్తుంది. అక్కడ హార్డ్‌నెస్ బాగా పెంచాల్సిందే.

చర్మం రంగు ఇంకా కాస్త ఎర్రగా ఉంటే, ఏఐ లేయర్‌కి మాత్రమే క్లిప్ చేసిన Curves లో రెడ్ తగ్గించాను. భుజం మీద పడిన విడి వెంట్రుకలు మాత్రం ఇంకా పూర్తిగా కుదరలేదు.