పీరియడ్స్ పన్నెండో రోజుదాకా కొంచెం కొంచెంగా సాగుతున్నాయి. ఎందుకు?

కొత్తగా వచ్చాను:
అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి నాలుగు నెలలైంది. అడగడానికి మొహమాటంగానే ఉంది కానీ ఇక్కడ నాకు ఇంకెవరూ తెలియదు. వయసు 32. మా బాబుకి రెండున్నరేళ్లు. పీరియడ్స్ 28, 29 రోజులకి ఠంచనుగా వస్తాయి. మొదటి నాలుగు రోజులు మామూలే. అయిదో రోజుకి ఆగిపోయినట్టు అనిపిస్తుంది, కానీ ఆగదు. ముదురు గోధుమరంగులో రోజూ కాస్త మరక, అలా పన్నెండో రోజుదాకా. చిన్న ప్యాడ్ ఒకటి చాలు. నొప్పేమీ లేదు. వాతావరణం మారినందుకా? డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏమని చెప్పాలి?

ఇద్దరు పిల్లల తల్లి:
కంగారు పడకమ్మా. నేను వచ్చిన కొత్తలో నాకూ ఇలాగే అయింది. నిద్ర వేళలు మారతాయి, టెన్షన్, ఆ నెల అండం విడుదల కాదు, దాంతో ఆగకుండా సాగుతుంది. మూడు నెలల్లో దానంతటదే సర్దుకుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న బ్లీడింగ్ ఆపే మాత్రలు నా దగ్గర ఉన్నాయి, పది రోజులు వేసుకుంటే ఆగిపోతుంది. కావాలంటే ఇస్తాను.

శ్రీమతి తరఫున:
మా ఆవిడకి కూడా పన్నెండు రోజులు లేటయింది. తీరా చూస్తే శుభవార్త! ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి.

కొత్తగా వచ్చాను:
లేటు కాదండీ, ఆగడం లేదు.

స్కాన్ గదిలో పదకొండేళ్లు:
ఆయన ప్రశ్న సరిగ్గా చదవకపోయినా సలహా మాత్రం సరైనదే. గర్భం నిలిచిన తొలి రోజుల్లో వచ్చే మరకని చాలామంది పీరియడ్ అనుకుంటారు. కాబట్టి ముందు ఆ టెస్ట్ చేసుకోండి. పాజిటివ్ వచ్చి, ఒక పక్క కడుపునొప్పి కూడా ఉంటే ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మాత్రలు మాత్రం తీసుకోకండి. అలా పది రోజులు వేసుకునేవి ఎక్కువగా హార్మోన్ మాత్రలే. వేసుకున్నన్ని రోజులు ఆగుతుంది, మానగానే మళ్లీ బ్లీడింగ్ మొదలవుతుంది. అసలు కారణం ఏమిటో కనిపించకుండా పోతుంది.

అక్క చెప్పిన కారణం నిజంగా ఉన్నదే. అండం విడుదల కాని నెలలో లోపలి పొర పెరుగుతూ పోతుంది, తర్వాత ఒక్కసారిగా కాకుండా తునకలుగా రాలుతుంది. కానీ అలాంటప్పుడు నెల లెక్క కూడా తప్పుతుంది. ఒకసారి 24 రోజులకి, ఒకసారి 45 రోజులకి వస్తుంది. మీకు లెక్క తప్పలేదు, తోక మాత్రమే పొడుగైంది. అందుకే నాకు అనుమానం వేరే వైపు పోతోంది.

మూడు విషయాలు చెప్పండి. బాబు పుట్టింది నార్మల్‌గానా, సిజేరియనా? కాపర్ టీ గానీ, గర్భం రాకుండా మాత్రలు, ఇంజెక్షన్లు గానీ ఉన్నాయా? ఇది నిజంగా ఇక్కడికి వచ్చాకే మొదలైందా?

కొత్తగా వచ్చాను:
టెస్ట్ నెగటివ్. బాబు సిజేరియనే. పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాక చివరికి ఆపరేషన్ చేశారు. మాత్రలు, కాపర్ టీ ఏమీ లేవు. మీరు అడిగాక ఆలోచిస్తే, బాబు పుట్టాక పీరియడ్స్ మళ్లీ మొదలైనప్పటి నుంచీ ఇలాగే ఉంది. ఇక్కడ ఒంటరిగా కూర్చుని రోజులు లెక్కపెట్టడం వల్ల ఇప్పుడు తెలిసింది, అంతే.

స్కాన్ గదిలో పదకొండేళ్లు:
అయితే వాతావరణాన్ని వదిలేయండి.

సిజేరియన్‌లో గర్భాశయం కింది భాగంలో కోత పెడతారు. అది మానేటప్పుడు కొందరికి లోపలి వైపు పూర్తిగా పూడదు, చిన్న గుంటలా మిగిలిపోతుంది. రిపోర్టులో నిష్ అనో, ఇస్త్మోసీల్ అనో, సిజేరియన్ స్కార్ డిఫెక్ట్ అనో రాస్తారు. పీరియడ్ సమయంలో కొంత రక్తం ఆ గుంటలో నిలిచిపోతుంది. అసలు బ్లీడింగ్ ఆగాక అది మెల్లగా కారుతూ ఉంటుంది. పాత రక్తం కాబట్టే గోధుమరంగు. చాలాసేపు నొప్పులు పడ్డాక చేసిన ఆపరేషన్‌లో, ఒకటికి మించి సిజేరియన్లు అయినవాళ్లలో, గర్భాశయం వెనక్కి వాలి ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా చూస్తాం. గుంట ఉన్న అందరికీ ఇలా కారదు. చాలామందికి ఉన్నట్టే తెలియదు.

ఇదే అని నేను తేల్చలేను. లెక్క తప్పకుండా తోక సాగే కథలో పాలిప్, అంటే లోపలి పొర నుంచి పెరిగే చిన్న కండ, కూడా ఉంటుంది. కలయిక తర్వాత కూడా మరక కనిపిస్తే గర్భాశయ ముఖద్వారం కూడా చూపించుకోవాలి. గుంటనీ, పాలిప్‌నీ చూడాలంటే పొట్ట మీద చేసే స్కాన్ సరిపోదు, లోపలి నుంచి చేసే టీవీఎస్ స్కాన్ కావాలి. బ్లీడింగ్ ఉంది కదా అని అపాయింట్‌మెంట్ వాయిదా వేయకండి. మరక ఉన్న రోజుల్లో గుంటలో రక్తం నిలిచి ఇంకా బాగా కనిపిస్తుంది.

డాక్టర్‌తో "పన్నెండు రోజుల పీరియడ్స్" అంటే బ్లీడింగ్ ఎక్కువైందనుకుని ఆ దారిలో పోతారు. గడిచిన రెండు నెలల లెక్క కాగితం మీద రాసుకెళ్లండి: ఏ రోజు ఎర్రగా, ఏ రోజు గోధుమరంగు, ఎన్ని ప్యాడ్లు. సిజేరియన్ అయిందని మొదటి వాక్యంలోనే చెప్పండి. వాళ్లు అడగకపోవచ్చు. ఆపరేషన్ కాగితాలు ఇంటి నుంచి ఫోటో తీయించి తెప్పించుకోండి.

నలభై ఆరు:
నాకూ ఇలాగే ఎనిమిది, తొమ్మిది రోజులు సాగేది. నాకు సిజేరియన్ కాలేదు. పాలిప్ అన్నారు. తీసి పరీక్షకి పంపారు, క్యాన్సర్ కాదని తేలింది. నువ్వు కూడా తీయించేసుకో, పీడ విరగడవుతుంది.

స్కాన్ గదిలో పదకొండేళ్లు:
మీ వయసులో పొర ముక్క తీసి చూడటం తప్పనిసరి లాంటిదే, మంచిపని చేశారు. ఆ అమ్మాయికి ఇంకా ఏముందో తెలియలేదు, తీయించడానికి.

కొత్తగా వచ్చాను:
మూడు వారాలైంది, చెప్పకపోతే బాగోదని వచ్చాను. స్కాన్ అయింది. సిజేరియన్ కోత దగ్గర 5 మిల్లీమీటర్ల లోతు గుంట, దాని మీద మిగిలిన కండ మందం 4 మిల్లీమీటర్లు, గర్భాశయం వెనక్కి వాలి ఉంది అని రాశారు. అయితే పైన ఒకచోట పొర మందంగా ఉంది, పాలిప్ కాదని చెప్పలేమన్నారు. తర్వాతి పీరియడ్‌లో ఎర్రటి బ్లీడింగ్ ఆగాక ఉప్పునీరు పంపి మళ్లీ స్కాన్ చేస్తారట. గుంటకి హార్మోన్ మాత్రలు వాడొచ్చన్నారు కానీ మేం రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. మరి సర్జరీ చేయించుకోవాలా?

ఇద్దరు పిల్లల తల్లి:
రెండో బిడ్డ కావాలంటే ముందు ఆ గుంట మూయించుకోవడమే మంచిదిగా?

స్కాన్ గదిలో పదకొండేళ్లు:
డాక్టర్లలోనే దీని మీద ఒక మాట లేదు. మరక ఇబ్బంది పెడుతుంటే లోపల కెమెరాతో అంచు కోసి గుంటను చదును చేస్తారు. అప్పుడు రక్తం నిలవదు, కానీ గుంట పూడదు, కండ మందం పెరగదు. మిగిలిన కండ సుమారు 3 మిల్లీమీటర్లైనా లేకపోతే ఈ పద్ధతి వాడరు, పక్కనే మూత్రాశయం ఉంటుంది. మీకు 4 ఉంది కాబట్టి దారి మూసుకుపోలేదు. గర్భం నిలవడం ఆలస్యమవుతుంటే అప్పుడు ఆలోచిద్దామనేవాళ్లూ ఉన్నారు. పాలిప్ సంగతి తేలాక ఈ ప్రశ్న డాక్టర్‌నే అడగండి. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: టెస్ట్ పాజిటివ్ వచ్చిన వెంటనే, ఆరేడు వారాలకే స్కాన్ చేయించుకోండి. గర్భం ఆ పాత కోతలో కూర్చోలేదని చూసుకోవాలి.

కొత్తగా వచ్చాను:
ఉప్పునీటి స్కాన్ నొప్పిగా ఉంటుందా అక్కా?

స్కాన్ గదిలో పదకొండేళ్లు:
కొన్ని నిమిషాలు పీరియడ్ నొప్పిలా పట్టేస్తుంది. గంట ముందు వేసుకునే నొప్పి మాత్ర గురించి అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే అడగండి. వెళ్లే రోజు ఉదయం ప్రెగ్నెన్సీ టెస్ట్ ఇంకోసారి చేసుకుని వెళ్లండి.