అవ్వ గురించి చదివేటప్పుడు ‘వండేది’ అనాలా, ‘వండేవారు’ అనాలా?

కందుకూరు మనవరాలు: ఈ ఆదివారం మా అవ్వ సంవత్సరీకం. చుట్టాలంతా వస్తున్నారు. అవ్వ గురించి రెండు నిమిషాలు నన్ను చదవమన్నారు. రాశాను గానీ, పైకి చదువుకుంటే నా గొంతులా లేదు. మొదటి వాక్యం ఇదీ:

“మా అవ్వగారి యొక్క జీవితం మా అందరికీ ఆదర్శంగా నిలుస్తూ, ఆమె చేత పెంచబడిన మేమందరం ఆమె చేతి వంటను ఆస్వాదిస్తూ ఈ రోజు ఈ స్థాయిలో ఉన్నామని చెప్పడంలో ఎటువంటి అతిశయోక్తి లేదు.”

ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఇంట్లో మేం ‘అవ్వ వండేది’ అనేవాళ్ళం. మా పెద్దత్త మాత్రం ‘వండేవారు’ అని రాయమంటోంది. సగం అట్లా, సగం ఇట్లా అయిపోయింది.

గూడూరు అన్న: పేపర్లో వేయించేదానికి ఇంత అక్కర్లేదమ్మా. పైన ‘ప్రథమ వర్ధంతి’ అని పెట్టి, ఫొటో కింద కుటుంబ సభ్యుల పేర్లు వేస్తే చాలు.

కందుకూరు మనవరాలు: పేపర్‌కి కాదన్నా. ఇంట్లో అందరి ముందు చదివేది.

ఒంగోలు అక్క: ‘పెంచబడిన’ తీసెయ్. ఆ ‘బడు’ అసలు తెలుగే కాదు, ఇంగ్లీషు నుంచి వచ్చింది. మీ అత్త చెప్పినట్టు ‘వండేవారు’ అనే పెట్టు. ‘వండేది’ అంటే గేదె పాలిచ్చేది అన్నట్టుంటుంది.

కావలి మాస్టారు: అక్క చెప్పినట్టు ‘పెంచబడిన’ తీసేయాల్సిందే. కానీ ‘బడు’ పాత కావ్యాల్లోనూ ఉంది. ఇంట్లో ఎవరూ అట్లా మాట్లాడరు, అదీ దాని ఇబ్బంది. ‘అవ్వ పెంచింది’ అంటే సరిపోతుంది. ‘యొక్క’ కూడా తీసెయ్, ‘అవ్వ జీవితం’ అంటే చాలు.

అసలు చిక్కు ‘నిలుస్తూ’ దగ్గరుందమ్మా. నిలిచింది ఎవరు? జీవితం. చివర ‘ఉన్నాం’ అంటున్నది ఎవరు? మీరు. ‘తూ’తో మొదలెట్టిన పనీ, వాక్యం చివరి పనీ ఒకరివే కావాలి. ఇక్కడ దారిలో మనిషి మారిపోయాడు, అందుకే చదువుతుంటే నీకే తడబాటు. ఒక్కో ‘తూ’ దగ్గర ఆగి ‘ఎవరు?’ అని అడుగు. జవాబు మారినచోట చుక్క పెట్టి కొత్త వాక్యం మొదలెట్టు.

ఇక మర్యాద సంగతి. తెలుగులో ఆడమనిషికీ గేదెకీ ఏకవచన క్రియ ఒకటే. ‘అమ్మ పిలిచింది’ అంటే అమ్మని తక్కువ చేసినట్టా? మీ ఇంట్లో ‘వండేది’ అన్నది చనువు. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడు. సగంసగం అయితేనే వినేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుంది.

చేతి వంట అన్నావు. ఏం వండేది?

కందుకూరు మనవరాలు: చేపల పులుసు మాస్టారూ, మామిడికాయ వేసి. రాత్రే కాచి మట్టి చట్టిలో ఉంచేది. పొద్దున సద్దన్నంలో పోసేది. అడుగున రెండు ముక్కలు మాత్రం ఎవరికీ పెట్టేది కాదు. బస్సు తప్పి ఆలస్యంగా వచ్చే వాళ్ళ కోసం దాచేది.

కావలి మాస్టారు: ఇదే రాయి. ‘ఆదర్శం’, ‘అతిశయోక్తి లేదు’ ఏ సభలోనైనా ఎవరి గురించైనా చెప్పొచ్చు. ఆ రెండు ముక్కలు మీ అవ్వవే.

గూడూరు అన్న: మా తాత పోయినప్పుడు నేనూ ఒకటి చదివా. వాక్యం పొడుగు, మధ్యలో గొంతు పట్టేసింది. ఎక్కడ ఆగాలో తెలీక అక్కడే నిలబడిపోయా. చిన్న వాక్యాలైతే చుక్క దగ్గర నీళ్ళు తాగొచ్చు.

కందుకూరు మనవరాలు: మళ్ళీ రాశాను, చూడండి.

“మమ్మల్ని పెంచింది అవ్వే. చేపల పులుసు రాత్రే కాచి చట్టిలో ఉంచేది. పొద్దున సద్దన్నంలో పోసి మాకు పెట్టేది. అడుగున రెండు ముక్కలు మాత్రం దాచేది. అవి బస్సు తప్పిన వాళ్ళకి.

అవ్వ పుట్టినప్పుడు మా ఊరు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లాలో కలిపారు. 2022లో మళ్ళీ నెల్లూరుకే తెచ్చారు. అవ్వ మాత్రం పొయ్యి కూడా ఉన్నచోటి నుంచి కదపలేదు. పోయిన ఏడాది కాలం చేసింది.”

ఒంగోలు అక్క: పొయ్యి మాట చదివి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి తల్లీ. కానీ చివర ‘పరమపదించారు’ అనుంటే నిండుగా ఉంటుంది.

కావలి మాస్టారు: అది ఎక్కువగా వైష్ణవుల ఇళ్ళలో అనే మాట. వాళ్ళింట్లో అలవాటుంటే సరే. ‘కాలం చేసింది’ ఏ ఇంటికైనా నప్పుతుంది.

కందుకూరు మనవరాలు: మా ఇంట్లో ‘కాలం చేసింది’ అనే అంటారు మాస్టారూ. ఇప్పుడే పెద్దత్తకి ఫోన్లో చదివి వినిపించాను. పులుసు దగ్గర ఆపమంది. కాసేపాగి, “ఆ ముక్కలు ఎక్కువసార్లు నాకే పెట్టేది” అంది. ‘పెట్టేవారు’ అనలేదు. చివర మాత్రం ‘కాలం చేశారు’ అనే ఉండాలంటోంది. ఆదివారం దాకా టైముంది, ఇంకోసారి అడుగుతా.